బోరు మోటారు గ్రూపుల్లో పోస్టర్లు పెట్టే అన్నలకు, చూస్తూ ఊరుకునే అడ్మిన్లకు బహిరంగ లేఖ

అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల బోరు మోటారు మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు, స్పేర్ పార్టుల డీలర్లకు, కంపెనీల సర్వీసు ప్రతినిధులకు, వీడియో ఛానెళ్లు నడిపే తోటి మెకానిక్కులకు నమస్కారం.

నేను అనంతపురంలో 22 ఏళ్లుగా మోటారు రివైండింగ్ షాపు నడుపుతున్నాను. మన పనివాళ్ల గ్రూపులు మూడింట్లో సభ్యుణ్ణి. ఈ గ్రూపులు పెట్టినప్పుడు ఎంత సంతోషపడ్డానో, ఇప్పుడు అంత బాధతో ఈ లేఖ రాస్తున్నాను. డీలర్ల పోస్టర్లు, ఫార్వర్డ్‌ల కింద పని ప్రశ్నలు మునిగిపోతున్న సంగతి గ్రూపులోనే మూడుసార్లు మర్యాదగా అడిగాను. ఒకసారి ఇద్దరు అడ్మిన్లను నేరుగా కలిసి చెప్పాను. బొటనవేలి గుర్తు వచ్చింది, "చూద్దాంలేన్నా" అన్న మాట వచ్చింది, ఏమీ మారలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేరూ, ఏ షాపు పేరూ ఇందులో తీయను. నాకు కావలసింది పద్ధతి మారడం.

ముందు ఈ ఏప్రిల్‌లో జరిగిన సంగతి చెప్పాలి.

నార్పల మండలంలో ఒక చీనీ తోట. 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటారు కాలిపోయింది. దాన్ని పైకి తీసిన పిల్లోడు ఈ పనిలోకి వచ్చి రెండేళ్లే అయింది. నేర్చుకోవాలనే తపన ఉన్నవాడు. మోటారు విప్పి వైండింగ్‌ను రెండు ఫొటోలు తీసి ఉదయం 9:10కి గ్రూపులో పెట్టాడు. "అన్నా, రెండు ఫేజులు కరిగిపోయినాయి, ఒకటి మాత్రం కొత్తదాని మాదిరి ఉంది. ఎందుకిట్ల అయింది? మళ్లీ దింపితే నిలుస్తుందా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అది. ఈ పని తెలిసినవాడికి ఆ ఫొటో చాలు, సగం జవాబు అందులోనే ఉంది.

తర్వాత నేను ఆ పొద్దుటి మెసేజ్‌లు కూర్చుని లెక్కపెట్టాను. 9:10 నుంచి 11:30 వరకు 58 మెసేజ్‌లు. శుభోదయాలు, దేవుళ్ల బొమ్మలు 21. డీలర్ల పోస్టర్లు 16, అందులో ఒకే పోస్టరు మూడుసార్లు. వీడియో లింకులు 9. లోన్ యాప్, ఇంటి దగ్గర పని, ట్రైనింగ్ క్లాసు లాంటివి 7. మోటార్ల గురించి 5. ఆ అయిదింటిలో ఒకటి ఈ పిల్లోడి ప్రశ్నకు జవాబు. పులివెందుల వైపు పెద్దాయన ఒకరు 9:52కి రాశారు: "స్టార్ కనెక్షనేనా? అయితే ఫేజ్ పోయింది. దింపే ముందు లైన్ చూసుకోండి." ఆయన ఆ ప్రశ్నను నొక్కి రిప్లై ఇవ్వలేదు, కింద విడిగా రాశారు. వెంటనే దాని మీద మోనోబ్లాక్ పంపుల పోస్టరు, ఆ మీద గుడి ఉత్సవం ఫొటోలు వచ్చి పడ్డాయి. పిల్లోడు పదిన్నర దాకా ఫోన్ పైకీ కిందికీ జరిపి చూశాడు. రైతు పక్కనే నిలబడి "ఏమప్పా, ఏమన్నారు?" అని అడుగుతుంటే "ఎవరూ చెప్పలేదు రెడ్డెన్నా" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మోటారు ఒక షాపులో రివైండింగ్ అయింది, రెండో రోజు దింపారు. ఆరో రోజు మళ్లీ కాలింది. ఈసారి రివైండింగ్‌కు 7,000, తీసి దింపడానికి 3,500. కలిపి 10,500 రూపాయలు ఆ రైతుకు వృథా. డబ్బు ఒక ఎత్తు. రెండుసార్లూ కలిపి ఏప్రిల్ ఎండలో చెట్లకు తొమ్మిది రోజులు నీళ్లు లేవు. పిందె చెట్టు కింద చాప పరిచినట్టు రాలింది. ఆ తోటను నేను కళ్లారా చూశాను, అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు.

రెండోసారి కాలాక పిల్లోడు నా దగ్గరికి వచ్చాడు. ఈసారి కూడా రెండు ఫేజులే కాలాయి. స్టార్ కనెక్షన్ ఉన్న మోటారుకు ఒక ఫేజు కరెంటు ఆగిపోతే మిగతా రెండు ఫేజుల వైండింగే భారమంతా మోసి కాలిపోతుంది, ఆగిపోయిన ఫేజుది బాగుంటుంది. డెల్టా అయితే తిరగబడుతుంది, ఒకటే కాలి రెండు బాగుంటాయి. ఓవర్‌లోడ్ అయితే మూడూ ఒకే రకంగా మాడతాయి. ఈ మూడు వాక్యాలు ఆ పొద్దున ఎవరైనా అతనికి అందేలా చెప్పి ఉంటే కథ అక్కడే ఆగేది.

రివైండింగ్ చేసి దింపాక స్టార్టర్ కాడ క్లాంప్ మీటర్ పెట్టి చూశాం. ఆర్ మీద 14, వై మీద 15, బి మీద 19 ఆంప్స్. సగటు 16. సగటుకు అన్నిటికంటే దూరంగా ఉన్నది 19, తేడా 3. మూడును పదహారుతో భాగిస్తే 19 శాతం దగ్గర తేలింది. బోరు మోటారుకు 5 శాతం దాటితే అనుమానించాలి. అప్పుడు కరెంటు ఆపి మోటారు తీగలు మూడింటినీ ఒక్కొక్క స్థానం పక్కకు జరిపాం. మూడూ ఒకే వైపు జరిపితే మోటారు తిరిగే దిశ మారదు, రెండింటినే మారిస్తే తిరగబడుతుంది. మళ్లీ చూస్తే ఎక్కువ ఆంప్స్ బి లైన్ మీదే నిలిచింది. ఇంకోసారి జరిపాం, అయినా బి మీదే. తీగతో పాటు ఆంప్స్ కదిలితే తప్పు మోటారుదో కేబుల్‌దో. లైన్ మీదే నిలిస్తే తప్పు కరెంటు వచ్చే వైపు. లైన్‌మన్‌ను పిలిపిస్తే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు కాడ తీగ వదులై మాడి ఉంది. వేడెక్కినప్పుడల్లా ఆ ఫేజు తెగి, చల్లారాక మళ్లీ తగులుకుంటోంది. దానికి తోడు స్టార్టర్ డబ్బాలో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్‌ను ఎప్పుడో ఎవరో డైరెక్ట్ చేసి వదిలేశారు. లైన్ సరిచేసి, ప్రివెంటర్ వేశాక ఆ మోటారు ఇప్పటికీ ఆడుతోంది.

ఈ వివరమంతా ఎందుకంటే, జవాబు గ్రూపులోనే ఉంది. చెప్పినాయనా మంచివాడే, అడిగినవాడూ మంచివాడే. మధ్యలో 53 మెసేజ్‌ల చెత్త అడ్డం పడింది. అందులో సగానికి సగం పెట్టినవాళ్లు "గ్రూపుకు మేమూ ఏదో చేస్తున్నాం" అనుకునే పెట్టారు. వాళ్ల ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు.

డీలరన్నలు అనే మాట నాకు తెలుసు. "మేమూ సభ్యులమే, మాకూ అంగడి నడవాలి, కొత్త సరుకు వచ్చిందని చెప్పకపోతే ఎట్ల?" నిజమే. మీరు లేకపోతే మా పని ఆగిపోతుంది. కాపర్ రేటు పెరిగిందని మీరు చెప్తే మేం రైతుకు ముందే చెప్పుకుంటాం. అమ్ముకోవడం తప్పని నేను ఎక్కడా అనడం లేదు. ఇరవై మందికి దారి చెప్పిన డీలరు ఇరవై ఒకటోసారి తన షాపు పేరు చెప్తే ఎవరికీ కోపం రాదు, పైగా ఆ పేరు గుర్తుంటుంది. నోరు తెరిస్తే ఆఫరే తప్ప ఇంకో మాట రాని మనిషి మెసేజ్‌ను మాత్రం చదవకుండానే వేలు పైకి జరిపేస్తుంది. మీ డబ్బు, మీ టైము వృథా అవుతోంది అక్కడే.

ఆ పొద్దున జరిగిందే ఉదాహరణగా తీసుకుందాం. పిల్లోడు అడిగిన అరగంటకు ఒక డీలరన్న పెట్టిన పోస్టరులో ఏముందో చూడండి. ఎర్ర అక్షరాల్లో "ఆఫర్! ఆఫర్! ఆఫర్!", ప్రివెంటర్ల బొమ్మలు, "హోల్‌సేల్ రేట్లు, వెంటనే సంప్రదించండి", రెండు ఫోన్ నంబర్లు. నేనున్న మూడు గ్రూపుల్లోనూ అదే పోస్టరు, నిమిషం తేడాతో. విచిత్రం ఏమిటంటే, ఆ పిల్లోడికి ఆ క్షణాన కావలసిన వస్తువు ఆ పోస్టరులోనే ఉంది! పైన ఉన్న ప్రశ్నను ఆ అన్న చదవలేదు. చదివి ఉంటే, ప్రశ్నను నొక్కి రిప్లైగా ఇలా రాయవచ్చు:

"తమ్ముడూ, రెండు కాలి ఒకటి బాగుంది, స్టార్ మోటారు అయితే ఫేజు తెగినట్టే. మోటారు తప్పు కాకపోవచ్చు. దింపే ముందు మూడు ఫేజుల ఓల్టేజ్ చూడు, దింపినాక మూడు లైన్ల ఆంప్స్ చూడు. స్టార్టర్‌లో ప్రివెంటర్ పని చేస్తోందా, డైరెక్ట్ చేసినారా చూసుకో. నేను ప్రివెంటర్లు అమ్మేవాణ్ణే, అది ముందే చెప్తున్నా. ఎవరి దగ్గర కొన్నా ఫర్వాలేదు, నీ మోటారు హెచ్‌పీకి తగ్గది తీసుకో."

ఫోన్ నంబరు లేదు, బొమ్మ లేదు, ఆఫర్ లేదు. అయినా ఆ పిల్లోడు ప్రివెంటర్ ఎవరి దగ్గర కొనేవాడో మీరే చెప్పండి. ఆ ప్రశ్న చూసిన మిగతావాళ్లూ ఆయన పేరు గుర్తుపెట్టుకునేవాళ్లు. "నేను అమ్మేవాణ్ణే" అన్న ఒక్క మాట చాలా పని చేస్తుంది. అది దాచి, మామూలు సభ్యుడిలా "ఫలానా కంపెనీది బాగుంది, నేను వాడినా" అని రాస్తే ఎప్పటికైనా బయటపడుతుంది. బయటపడ్డ రోజు నుంచి ఆ మనిషి చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. మా గ్రూపులో ఒకసారి అట్లే జరిగింది. ఆయన మంచి పనిమంతుడు కూడా. ఇప్పుడు ఆయన జవాబు పెడితే "కమీషన్ ఎంత?" అని అడుగుతున్నారు.

మా తమ్ముడి కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. వాళ్ల పనివాళ్ల ముచ్చట్లు వాట్సాప్‌లో కాదు, స్లాక్ అనే దానిలో నడుస్తాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్‌లో చూపించాడు. ఒకే సంఘంలో గదులు గదులుగా ఛానెళ్లు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు తన పరిచయం ఒక ఛానెల్‌లో రాస్తాడు, ఉద్యోగాల మాట ఇంకో దాంట్లో, సొంత సరుకు గురించి చెప్పుకోవడానికి ఒకటి విడిగా. ప్రశ్న అడిగితే జవాబులన్నీ ఆ ప్రశ్న కిందే థ్రెడ్‌గా చేరతాయి, మధ్యలో ఎవరి పోస్టరూ దూరదు. అక్కడ @channel అని కొడితే ఆ ఛానెల్‌లో ఉన్న అందరి ఫోన్లూ మోగుతాయట. వాళ్ల సంఘంలో ఒకడు చేరిన రోజే అట్ల కొట్టి తన కోర్సు గురించి పెట్టాడు. ఎవరూ తిట్టలేదు, కాని ఆ తర్వాత అతను ఏం అడిగినా జవాబు చెప్పినవాళ్లు లేరు. చదువుకున్నవాళ్ల దగ్గరా, మన దగ్గరా ఈ విషయంలో తేడా ఏమీ లేదని అప్పుడు అర్థమైంది. ఒక లోటు కూడా చెప్పాడు. డబ్బు కట్టని స్లాక్‌లో 90 రోజులు దాటిన మాటలు కనబడవట, అందుకని పనికొచ్చే జవాబులను ఒకాయన ఎప్పటికప్పుడు వేరే చోట రాసిపెడతాడు. మన గ్రూపుల్లో ఆ పని చేసేవాళ్లు ఒక్కరూ లేరు. ఫోన్ మారిస్తే కొంతమందికి పాత మాటలన్నీ పోతున్నాయి కూడా.

ఇక నా విన్నపాలు. ఒక్కొక్కదానితో పాటు అది పాటించకపోతే ఎవరికి ఏం జరుగుతుందో కూడా రాస్తున్నాను.

1. డీలర్లకు, కంపెనీ ప్రతినిధులకు. రేట్ల పట్టిక, కొత్త సరుకు కబురు వారానికి ఒక్కరోజు పెట్టండి. శనివారం సాయంత్రం బాగుంటుంది, అప్పటికి అందరూ పని ముగించుకుని ఉంటారు. ఒక్కో షాపు నుంచి ఒక్క మెసేజ్. బొమ్మగా కాకుండా అక్షరాల్లో రాయండి, తర్వాత వెతుక్కుంటే దొరుకుతుంది. బొమ్మలో ఉన్న రేటు వెతికితే దొరకదు. మిగతా ఆరు రోజులు మీ పేరు జవాబుల్లో కనబడనివ్వండి. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా మాత్రం దయచేసి ఏ పోస్టరూ వద్దు. మోటారు పైకి తీసి, కూలీలను నిలబెట్టి, ఎండలో ఫోన్ చూసే గంటలు అవి. ఆ గంటల్లో ఒక ప్రశ్న మునిగిపోతే ఒక రైతు బోరు ఇంకో రోజు ఆగిపోతుంది.

2. వీడియోలు చేసే తమ్ముళ్లకు. మీలో కొందరి వీడియోలు నేనూ చూసి నేర్చుకున్నాను. కాని ఒట్టి లింకు పెట్టి "పూర్తిగా చూడండి, సబ్‌స్క్రైబ్ చేయండి" అంటే, పొలంలో సిగ్నల్ ఒక్క గీత ఉన్నవాడు ఏం చేస్తాడు? పెట్టే ముందు ఒక పరీక్ష చేసుకోండి. లింకు తీసేస్తే మెసేజ్‌లో ఏం మిగిలింది? ఏమీ మిగలకపోతే అది ప్రకటనే. "కేబుల్ జాయింట్‌లో నీళ్లు దిగుతున్నాయో లేదో మెగ్గర్‌తో ఎట్ల పట్టుకోవాలో చెప్పినా. మోటారు విడదీసి కేబుల్ ఒక్కటే చూడాలి, తర్వాత మోటారు ఒక్కటే చూడాలి. రీడింగ్ ఏది పడిపోతే తప్పు అక్కడ" అని నాలుగు ముక్కలు రాసి కింద లింకు పెట్టండి. ఆ నాలుగు ముక్కలు పనికొచ్చినవాడు రాత్రి ఇంటికి పోయి వీడియో చూస్తాడు. ఒకే లింకును అన్ని గ్రూపుల్లో ఒకేసారి వేయడం కూడా మానండి. మనలో చాలామంది మూడు నాలుగు గ్రూపుల్లో ఉన్నాం, ఒకే మాట నాలుగుసార్లు మోగితే మనిషికి విసుగు వస్తుంది.

3. జవాబు చెప్పే పెద్దలకు. మీకు చేతులెత్తి దండం పెడతాను. రెండు మాటలే. ఒకటి, ప్రశ్నను నొక్కి పట్టుకుని రిప్లై కొట్టండి. అడిగినవాడి ఫోన్‌లో అది తన ప్రశ్నతో జతై కనబడుతుంది, ఎన్ని మెసేజ్‌ల కింద ఉన్నా దొరుకుతుంది. ఆ పులివెందుల పెద్దాయన అంతపని చేసి ఉంటే 10,500 మిగిలేది. రెండు, "నాకు ఫోన్ చేయి", "పర్సనల్‌కి రా" అని పిలవకండి. మీరు ఫోన్‌లో చెప్పిన మంచి మాట ఒక్కడికే తెలుస్తుంది, అదే ప్రశ్న నెలకు నాలుగుసార్లు మళ్లీ వస్తుంది. అంతకంటే నష్టం ఇంకోటి ఉంది. చూసేవాళ్లకు మీరు గిరాకీ లాక్కుంటున్నట్టు కనబడుతుంది. తప్పనిసరై ఫోన్‌లో మాట్లాడితే, చివరికి ఏం తేలిందో రెండు వాక్యాలు గ్రూపులో రాయండి. చెప్పిన దాంట్లో పొరపాటు ఉంటే 15 నిమిషాల్లోగా దాన్నే దిద్దుకోవచ్చు, ఆ తర్వాత అయితే కొత్త మెసేజ్‌గా "ముందు చెప్పింది తప్పు" అని రాయండి. మోటారు చూడకుండా, కొలతలు అడగకుండా "కొత్త మోటారు తీసుకోమను" అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లూ ఉన్నారు. అది పోస్టరు కంటే ప్రమాదం. నమ్మిన రైతు అప్పు చేస్తాడు.

4. ప్రశ్న అడిగే తమ్ముళ్లకు. "అన్నా మోటారు రావడం లేదు, ఏం చేయాలి" అని అడిగితే జవాబు చెప్పేవాడు ముందు పది ప్రశ్నలు వేయాలి. ఆ పదింటికే గ్రూపు నిండిపోతుంది. ఎన్ని హెచ్‌పీ, త్రీఫేజా సింగిల్ ఫేజా, స్టారా డెల్టానా, ఎన్ని అడుగుల్లో ఉంది, ఎన్ని రోజుల కింద దింపారు, మూడు లైన్ల మధ్య ఓల్టేజ్, మూడింటి ఆంప్స్, కాలితే వైండింగ్ ఫొటో. ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ఆరు ముక్కలుగా పంపితే ఆరుసార్లు అందరి ఫోన్లూ మోగుతాయి. పని అయ్యాక మీ ప్రశ్నకే రిప్లైగా "లైన్‌లో తప్పు, సరైంది" అని ఒక మాట రాయండి. కొత్తగా వచ్చినవాళ్లు గ్రూపుకు చేయగలిగిన గొప్ప సాయం ఇదేనని నేననుకుంటాను. అనుభవం లేకపోయినా చేయవచ్చు, దీన్ని ఎవరూ ప్రకటన అనుకోరు.

5. కొత్తగా చేరి నంబర్లు ఏరుకునేవాళ్లకు. చేరిన రోజే సభ్యుల నంబర్లన్నీ తీసుకుని విడివిడిగా ఆఫర్లు పంపుతున్నారు, అడగకుండా ఇంకో గ్రూపులో చేర్చేస్తున్నారు. దీనికి ఒప్పుకునేది లేదు. సభ్యులు ఫోన్ సెట్టింగ్స్‌లో తమను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో "నా కాంటాక్టులు మాత్రమే" అని పెట్టుకోండి. పంపేవాళ్లకు ఒక హెచ్చరిక. మీ మీద రిపోర్టు కొడితే మీరు వాళ్లకు పంపిన చివరి మెసేజ్‌లు వాట్సాప్ కంపెనీకి చేరతాయి. అట్లాంటివి పెరిగితే నంబరే ఆగిపోవచ్చు. షాపు బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, ఊరూరా గోడల మీద రాసుకున్న నంబరు ఆగిపోతే ఆ నష్టం ఎంతో మీకే తెలుసు. రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డ్‌లు కూడా అంతే. ఎన్నో చేతులు మారి వచ్చిందని ఆ గుర్తే చెప్తోంది. "ప్రభుత్వం ఉచిత మోటార్లు ఇస్తోంది, ఈ లింకులో వివరాలు నింపండి" అన్న మెసేజ్ అట్లే వచ్చింది, ఒక పనివాడు దాన్ని నిజమని రైతుకు చూపించాడు. ఆ రైతు ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అందులో నింపాడు.

6. అడ్మిన్లకు. పైవన్నీ మీరు తలుచుకుంటేనే జరుగుతాయి. మిమ్మల్ని నేను అడిగేది పెద్ద పని కాదు. గ్రూపును రెండు చేయండి: ఒకటి పని ప్రశ్నలకు, ఒకటి రేట్లకు, సరుకుకు, ఉద్యోగాలకు. పండగ శుభాకాంక్షలు కూడా ఆ రెండో దాంట్లోనే. సభ్యుల్లో ఎవరికి ఏది కావాలో పోల్ పెట్టి అడగండి. నియమాలు అయిదు వాక్యాలు దాటకుండా రాసి గ్రూపు వివరణలో పెట్టి, ఒక మెసేజ్‌గా పిన్ చేయండి. పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే నిలుస్తుంది కాబట్టి నెలనెలా మళ్లీ చేయాలి. కొత్తవాళ్లు మీ అనుమతితోనే చేరేలా సెట్టింగ్ మార్చండి, చేరేటప్పుడు పేరు, ఊరు, చేసే పని అడగండి. నియమం తప్పిన మెసేజ్‌ను మీరు అందరి ఫోన్ల నుంచీ తీసేయగలరు. తీసేసి, ఆ మనిషికి విడిగా ఒక మాట చెప్పండి. నలుగురిలో తిట్టకండి, మనవాళ్లకు పరువు పెద్దది. నలుగురిలో మాట పడినవాడు గ్రూపు వదిలిపోతాడు, వాడికి తెలిసిన పనీ వాడితో పోతుంది. మొదటిసారి మాట, రెండోసారి హెచ్చరిక, మూడోసారి బయటికి. ఈ వరుస మీ బంధువుకూ ఒకటే, మీ షాపుకు అప్పు మీద సరుకు ఇచ్చే డీలరుకూ ఒకటే. అక్కడ మొహమాటపడితే మిగతా నియమాలు ఎవరూ లెక్కచేయరు.

ఇవి పెడితే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పను. వెయ్యి మంది ఉండే గ్రూపులో రోజూ ఒకరో ఇద్దరో తప్పు చేస్తారు. నియమాలు మరీ బిగిస్తే కొత్త పిల్లలు నోరు తెరవడానికే భయపడతారు, అదీ నష్టమే. తెలిసీ తెలియని ప్రశ్న అడిగినవాణ్ణి ఎవరూ వెక్కిరించకూడదని కూడా ఆ అయిదు వాక్యాల్లో ఒకటిగా రాయమని కోరుతున్నాను.

వచ్చే నెల 1వ తేదీ లోపల మూడు గ్రూపుల అడ్మిన్లు మీ నిర్ణయం ఏమిటో గ్రూపుల్లోనే రాయాలని నా మనవి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కూడా రాయండి, వింటాను. ఒప్పుకుంటే నా వంతు నేను చేస్తాను. ప్రశ్న అడిగేటప్పుడు రాయవలసిన వివరాల పట్టిక సిద్ధంగా ఉంది, పంపిస్తాను. ప్రతి ఆదివారం రాత్రి ఆ వారంలో తేలిన జవాబులను ఏరి ఒక్క మెసేజ్‌గా రాసి పెట్టే బాధ్యత నాది. మొదటి ఆదివారం మెసేజ్‌లో మొదటి జవాబు ఆ పులివెందుల పెద్దాయనదే పెడతాను. నార్పల పిల్లోడు ఆ మాట ఇప్పటికీ చూడలేదు.

ఇట్లు,
అనంతపురంలోని ఒక మోటారు రివైండింగ్ షాపు యజమాని